పదహారు వారాల ఆలస్యంలో ఎవరి వాటా ఎంత?

ప్రశ్న ఇలా మొదలవుతుంది. ఒక ప్రభుత్వ ఆసుపత్రి భవనం కట్టే పని. ఒప్పంద విలువ 40 కోట్ల రూపాయలు, గడువు 78 వారాలు. ఆలస్యమైతే వారానికి ఒప్పంద విలువలో అర శాతం చొప్పున, గరిష్ఠంగా 10 శాతం వరకు లిక్విడేటెడ్ డ్యామేజెస్ కోత వేస్తారు. పని 94 వారాలకు పూర్తయింది. తుది బిల్లులో ఎంత కోత పడాలి?

చాలామంది వెంటనే పెన్ను తీస్తారు. 94 లోంచి 78 తీస్తే 16. వారానికి అర శాతం అంటే 20 లక్షలు. పదహారు వారాలకు 3 కోట్ల 20 లక్షలు. కింద ఇచ్చిన జవాబుల్లో ఆ అంకె కనిపిస్తుంది కూడా. గుర్తు పెట్టేసి ముందుకు పోతారు. ప్రశ్న తయారుచేసినవాళ్లు ఆ అంకెను అక్కడ పెట్టింది అందుకే.

పీఎంపీ లాంటి ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ పరీక్షల్లోనూ, యూపీఎస్సీ ఇంజనీరింగ్ సర్వీసెస్ ప్రిలిమ్స్‌లోని ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ భాగంలోనూ, మన రెండు రాష్ట్రాల్లో ఇంజనీర్ ఉద్యోగాలకు చదివేవాళ్లు రాసే మాక్ టెస్టుల్లోనూ ఒప్పందాల మీద ప్రశ్నలుంటాయి. అవి లెక్కల ప్రశ్నల్లా కనిపిస్తాయి గానీ, నిజానికి అడిగేది రెండే సంగతులు. ఆలస్యం ఎవరివల్ల వచ్చింది? ఆ మాటను కాగితం మీద ఎప్పుడు పెట్టారు? ఈ రెండూ తేలాకే గుణకారం. ఈ ఆసుపత్రి పనినే చివరిదాకా పట్టుకుని చూద్దాం.

ముందు ఈ కోత అసలెందుకు ఉందో తెలుసుకోవాలి. భవనం ఆలస్యమైతే యజమానికి నష్టం వస్తుంది. అద్దె భవనంలోనే ఆసుపత్రి నడపాలి, కొన్న పరికరాలు పెట్టెల్లోనే ఉంటాయి, పర్యవేక్షణ సిబ్బందికి జీతాలు సాగుతూనే ఉంటాయి. వారానికి ఎంత నష్టమో రూపాయల్లో రుజువు చేయమంటే ఎవరికైనా కష్టమే. అందుకని సంతకాలు పెట్టే రోజే ఇరుపక్షాలూ కూర్చుని, ఆలస్యమైన ప్రతి వారానికీ ఇంత అని ఒక సహేతుకమైన అంచనా రాసుకుంటారు. సైట్లో అందరూ దీన్ని ఎల్‌డీ అంటారు. ఇది కాంట్రాక్టర్‌ను శిక్షించడానికి పెట్టింది కాదు. ఆలస్యానికి చెల్లించాల్సిన ధర ముందే ఖరారు చేసుకున్నారంతే. అందులో కాంట్రాక్టర్‌కు కూడా ఒక రక్షణ ఉంది. 10 శాతం హద్దు ఉంది కాబట్టి ఆలస్యం ముప్పై వారాలైనా ఎల్‌డీ 4 కోట్లు దాటదు. ఆలస్యానికి సంబంధించినంత వరకు యజమానికి దక్కేది సాధారణంగా అదే. ఎల్‌డీ కోసేసి, మళ్లీ అద్దె నష్టమంటూ వేరే బిల్లు పంపడానికి వీల్లేదు. హద్దు చేరాక కూడా పని సాగకపోతే యజమాని చేతిలో మిగిలేది ఒప్పందం రద్దు చేసే హక్కు. పనిలో లోపాలుంటే వాటి సంగతి వేరే, అవి ఎల్‌డీ కిందికి రావు.

ఇక్కడ మన విద్యార్థులు ఎక్కువగా పొరబడే చోటు ఒకటుంది. ఇంగ్లండ్ న్యాయశాస్త్రం ఆధారంగా రాసిన పుస్తకాల్లో జరిమానా వేరు, ముందస్తు అంచనా వేరు అని గట్టి గీత గీస్తారు. 1915లో డన్‌లప్ టైర్ల కంపెనీ కేసులో అక్కడి హౌస్ ఆఫ్ లార్డ్స్ చెప్పిన సూత్రాలవి. సొమ్ము జరిమానా అని తేలితే ఆ షరతు చెల్లదు. మన దేశంలో 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం 74వ సెక్షన్ ఆ గీతను పక్కన పెట్టింది. రాసుకున్న సొమ్ముకు జరిమానా అని పేరున్నా, నష్టపరిహారమని పేరున్నా, అవతలివాడికి దక్కేది సహేతుకమైన పరిహారం మాత్రమే. అది రాసుకున్న సొమ్మును మించకూడదు. అంటే రాసిన అంకె హద్దు మాత్రమే. ఎప్పుడూ మొత్తం దక్కుతుందని హామీ ఏమీ లేదు.

మరి నష్టం రుజువు చేయాలా, అక్కర్లేదా? సెక్షన్‌లో నష్టం రుజువైనా కాకపోయినా అని ఉంది. ఆ మాటకు అర్థం సుప్రీంకోర్టు తీర్పులను పక్కపక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. 1969లో మౌలాబక్ష్ కేసు. సైన్యానికి బంగాళాదుంపలు, కోళ్లు, గుడ్లు, చేపలు సరఫరా చేసే ఒప్పందం. సరఫరా సరిగా జరగలేదని ప్రభుత్వం డిపాజిట్ జప్తు చేసింది. బంగాళాదుంపలు బయట మార్కెట్‌లో ఎంతకు కొన్నారో చూపిస్తే నష్టమెంతో తెలిసిపోతుంది. చూపించలేదు కాబట్టి జప్తు చెల్లదని కోర్టు తేల్చింది. 2003లో ఓఎన్‌జీసీకీ సా పైప్స్‌కూ మధ్య కేసు. చమురు బావులకు కావలసిన కేసింగ్ పైపులు ఆలస్యంగా వచ్చాయి. ఐరోపాలో ఉక్కు కార్మికుల సమ్మె వల్ల ముడిసరుకు రాలేదన్నది సరఫరాదారు వాదన. బావి తవ్వకం ఆలస్యమైతే వచ్చే నష్టాన్ని లెక్కగట్టడం చాలా కష్టం, అలాంటప్పుడు ముందే రాసుకున్న సహేతుక అంచనాను, అది అన్యాయమని అవతలివాళ్లు చూపించనంతవరకు, రుజువు అడగకుండా అంగీకరించవచ్చని కోర్టు చెప్పింది. 2015లో కైలాష్‌నాథ్ కేసులో ఇంకో మెట్టు ఎక్కి, నష్టమే రాకపోతే పరిహారమూ లేదని స్పష్టం చేసింది. ఢిల్లీ అభివృద్ధి సంస్థ 78 లక్షల ధరావతు జప్తు చేసుకుని, అదే స్థలాన్ని తర్వాత మూడున్నర రెట్లకు పైగా ధరకు అమ్ముకున్న వ్యవహారమది. ధరావతు తిరిగి ఇవ్వాల్సి వచ్చింది.

మన ఆసుపత్రి ఏ కోవలోకి వస్తుంది? బంగాళాదుంపల కోవలోకి కాదు. ఆపరేషన్ థియేటర్ పదహారు వారాలు ఆలస్యంగా తెరుచుకుంటే జనానికి జరిగిన నష్టానికి మార్కెట్ ధర ఉండదు. కాబట్టి అర శాతం షరతు నిలబడే అవకాశమే ఎక్కువ. ప్రశ్నలో ఏ దేశపు చట్టమో చెప్పకుండా సాధారణంగా అడిగితే మాత్రం, ఎల్‌డీ జరిమానా కాదు, సహేతుకమైన ముందస్తు అంచనా అన్న జవాబే సరైనది. భారత చట్టం ప్రకారం అని ప్రశ్నలో రాస్తే, సహేతుక పరిహారం, రాసుకున్న సొమ్ముకు మించకుండా అన్న వాక్యాన్ని వెతకాలి.

ఇప్పుడు పదహారు వారాలను విప్పుదాం. ప్రశ్నలోని రెండో పేరాలో ఈ వివరాలుంటాయి. తొందరలో చాలామంది చదవకుండా దాటేసే పేరా అదే. స్థలంలో పాత క్వార్టర్లు కూల్చడం ఆలస్యమై, యజమాని స్థలం అప్పగించేసరికి 6 వారాలు పోయాయి. సబ్‌స్టేషన్ గది డ్రాయింగులు 4 వారాలు ఆలస్యంగా వచ్చాయి. ఏటా పడే వర్షాల్లోనే పని 4 వారాలు ఆగింది. కాంట్రాక్టర్‌కు మేస్త్రీలు దొరక్క, ఇనుము సమయానికి తెప్పించుకోక 5 వారాలు పోయాయి.

కూడి చూస్తే 19 వస్తుంది. పని ఆలస్యమైంది 16 వారాలే. తేడా డ్రాయింగుల దగ్గరుంది. సబ్‌స్టేషన్ గది షెడ్యూల్‌లో 3 వారాల ఫ్లోట్ ఉంది, అంటే ఆ పని మూడు వారాలు వెనక్కి జరిగినా మొత్తం భవనం పూర్తయ్యే తేదీ కదలదు. కాబట్టి 4 వారాల ఆలస్యంలో చివరి తేదీని తోసింది ఒక్క వారమే. గడువు పొడిగింపు అడగాలంటే ఆలస్యం జరగడం ఒక్కటే చాలదు, ఆ ఆలస్యం క్రిటికల్ పాత్‌ను తాకాలి. కాగితం మీద నాలుగు వారాలు కనబడింది కదా అని నాలుగూ అడిగితే క్లెయిమ్ అక్కడే బలహీనపడుతుంది. సైట్ అనుభవం ఉన్న ఇంజనీర్లు కూడా తడబడేది ఇక్కడే. వాళ్లకు ఆలస్యం కళ్ల ముందు కనిపిస్తుంది గానీ, షెడ్యూల్‌లో దాని స్థానం కనిపించదు.

వర్షాల సంగతి. ఏటా వచ్చే వానలకు టెండర్ వేసేటప్పుడే లెక్క వేసుకోవాలి. అసాధారణమైన వాతావరణానికే, అంటే ఆ ప్రాంతపు పాత వర్షపాతం రికార్డులను దాటిపోయిన వానకో, తుపానుకో పొడిగింపు వస్తుంది. అది కూడా చాలా ఒప్పందాల్లో కాలం మాత్రమే, డబ్బు కాదు. ఫిడిక్ 1999 ఎర్రపుస్తకం పద్ధతి కూడా ఇదే. ఫిడిక్ అంటే కన్సల్టింగ్ ఇంజనీర్ల అంతర్జాతీయ సమాఖ్య. దాని ప్రామాణిక షరతులనే అంతర్జాతీయ రుణాలతో నడిచే ప్రాజెక్టుల్లో ఎక్కువగా వాడతారు, పరీక్ష ప్రశ్నలూ వాటినే ఎత్తుకుంటాయి. స్థలం అప్పగింతలో యజమాని ఆలస్యం చేస్తే మాత్రం అందులో కాలమూ, ఖర్చూ, సహేతుకమైన లాభమూ మూడూ దొరుకుతాయి. మన ప్రభుత్వ శాఖల ఒప్పందాలు చాలావాటిలో ఈ ఉదారత ఉండదు. స్థలం ఆలస్యమైనా పొడిగింపే ఇస్తాం, డబ్బు ఇవ్వమని రాసి ఉంటుంది. అందుకే మొదట తెరవాల్సింది పాఠ్యపుస్తకం కాదు, ఆ ప్రశ్నలో ఇచ్చిన షరతు. షరతు ఇవ్వకపోతే ఫిడిక్ తరహా అనుకుని సాగాలి.

అయితే లెక్క ఇలా తేలుతుంది. స్థలం వల్ల 6, డ్రాయింగుల వల్ల 1, కలిపి 7 వారాలు యజమాని ఖాతాలో. వాన 4, సొంత లోపం 5, కలిపి 9 వారాలు కాంట్రాక్టర్ ఖాతాలో. తొమ్మిది వారాలకు ఎల్‌డీ కోటి 80 లక్షలు. 3 కోట్ల 20 లక్షలు కాదు.

ఇద్దరి లోపమూ ఒకే వారంలో పడితే ఏమిటన్న ప్రశ్న కూడా వస్తుంది. స్థలం ఇంకా ఇవ్వలేదు, ఇచ్చినా ఆ వారం కాంట్రాక్టర్‌కు కూలీలు లేరు. బ్రిటన్‌లోని కన్‌స్ట్రక్షన్ లా సొసైటీ ఆలస్యాల మీద ప్రచురించిన మార్గదర్శక పత్రం చెప్పేదేమిటంటే, అలాంటి వారానికి పొడిగింపు ఇవ్వాలి గానీ ఆ వారపు అదనపు ఖర్చులు ఇవ్వనక్కర్లేదు. పరీక్షల్లోనూ ఈ జవాబే సురక్షితం.

ఇక కాగితం సంగతి. ఫిడిక్ 1999లో 20.1 క్లాజ్ ప్రకారం, క్లెయిమ్‌కు దారితీసే ఘటన గురించి కాంట్రాక్టర్‌కు తెలిసిన రోజు నుంచి, లేదా తెలిసి ఉండాల్సిన రోజు నుంచి 28 రోజుల్లోగా ఇంజనీర్‌కు రాతపూర్వకంగా నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే పొడిగింపూ లేదు, డబ్బూ లేదు. 42 రోజుల్లోగా పూర్తి వివరాలతో క్లెయిమ్ సమర్పించాలి. 2017 కూర్పులో ఈ 28 రోజుల నిబంధనను యజమానికీ వర్తింపజేశారు, వివరాలకు గడువును 84 రోజులకు పెంచారు. మన కథలో కాంట్రాక్టర్ స్థలం గురించి 12వ రోజునే లేఖ రాశాడు. డ్రాయింగుల గురించి 45వ రోజున రాశాడు. అంటే షరతును కఠినంగా చదివితే ఆ ఒక్క వారం కూడా చేజారింది. యజమాని ఖాతాలో 6, కాంట్రాక్టర్ ఖాతాలో 10. ఎల్‌డీ 2 కోట్లు. ఒక ఉత్తరం పదిహేడు రోజులు ఆలస్యమైనందుకు 20 లక్షలు పోయాయి. మన దేశంలో కాంట్రాక్ట్ చట్టం 28వ సెక్షన్, గడువు దాటితే హక్కే పోతుందనే ఒప్పందాలను చెల్లవంటుంది. నోటీసు షరతు దాని కిందికి వస్తుందా రాదా అన్న వాదన కోర్టుల్లో నడుస్తుంది. పరీక్షలో ఆ వాదన జోలికి పోకూడదు. షరతులో 28 రోజులని ఉంటే 28 రోజులే.

నోటీసు ఎలా ఉండాలో దగ్గర్నుంచి చూస్తే అదేమీ బ్రహ్మవిద్య కాదు. ఏ తేదీన ఏం జరిగింది, అది ఏ పనిని ఆపింది, ఏ క్లాజ్ కింద ఈ నోటీసు ఇస్తున్నాం, పూర్తి వివరాలు తర్వాత పంపుతాం. ఈ నాలుగు మాటలు చాలు. డబ్బు లెక్క అప్పుడే అక్కర్లేదు. వెనకాల ఆధారంగా పీడబ్ల్యూడీ పనుల్లో హిండ్రెన్స్ రిజిస్టర్ అని ఒకటి ఉంటుంది. పనికి అడ్డం వచ్చిన ప్రతి సంగతినీ ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు తొలగింది, నికరంగా ఎన్ని రోజులు అని అందులో రాసి, రెండు పక్షాలూ సంతకాలు పెడతారు. సంతకం లేని రిజిస్టర్‌కు విలువ తక్కువ. తుది బిల్లు రోజుల్లో కూర్చుని పాత తేదీలతో ఒకేసారి నింపిన రిజిస్టర్ చూడగానే తెలిసిపోతుంది. ఒకే సిరా, ఒకే చేతిరాత, సైట్ డైరీతో కుదరని తేదీలు. మధ్యవర్తి ముందు అలాంటి పుస్తకం పెట్టడం కంటే పెట్టకపోవడమే మేలు.

నోటీసు బాధ్యత యజమానికీ ఉంది. కాంట్రాక్ట్ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, గడువు దాటిన పనిని స్వీకరించే యజమాని పరిహారం అడిగే హక్కును అట్టిపెట్టుకుంటున్నానని ఆ సమయంలోనే చెప్పాలి. అందుకే ప్రభుత్వ ఇంజనీర్లు పొడిగింపు ఉత్తర్వుల్లో పరిహారం విధించే హక్కుకు భంగం లేకుండా అన్న వాక్యం తప్పకుండా రాస్తారు. ఆ వాక్యం లేని పొడిగింపు తర్వాత యజమాని మెడకే చుట్టుకోవచ్చు.

ఎల్‌డీ ఒక వైపు ఉంటే, కాంట్రాక్టర్ క్లెయిమ్ రెండో వైపు ఉంటుంది. యజమాని వల్ల పోయిన 6 వారాలకూ సైట్ ఆఫీసు, కాపలా, అద్దె క్రేను, సూపర్‌వైజర్ల జీతాలు కలిపి వారానికి 5 లక్షలు అయ్యాయనుకుందాం. 30 లక్షలు. ఇది నిజంగా అయిన ఖర్చు కాబట్టి ప్రతి రూపాయికీ వోచర్ చూపించాలి. ఎల్‌డీకీ క్లెయిమ్‌కూ ఉన్న తేడా ఇదే. యజమాని అంకె ముందే రాసుకున్నది, కాంట్రాక్టర్ అంకె ఆధారాలతో పైకి తేవాల్సింది. ఈ అసమానత కాంట్రాక్టర్లకు ఎప్పుడూ బాధ కలిగించేదే, ఆ బాధలో న్యాయముంది. కానీ సంతకం పెట్టేటప్పుడు కనిపించిన షరతే అది. తన ఆలస్యపు ఖర్చుకు కూడా వారానికి ఇంత అని ముందే రాయించుకునే కాంట్రాక్టర్లు అరుదు.

ఇప్పుడు వివాదం ఎంతో చూడండి. యజమాని కోసింది 3 కోట్ల 20 లక్షలు. కోయాల్సింది 2 కోట్లు. తేడా కోటి 20 లక్షలు. దానికి 30 లక్షల క్లెయిమ్ కలిపితే కోటిన్నర రూపాయల తగాదా.

పరీక్షలో తర్వాతి ప్రశ్న ఇక్కడ్నుంచి పుడుతుంది. మీరు కాంట్రాక్టర్ తరఫు ప్రాజెక్ట్ మేనేజర్. యజమాని 3 కోట్ల 20 లక్షలు కోస్తానని లేఖ పంపాడు. మీరు మొదట ఏం చేయాలి? ఆర్బిట్రేషన్ నోటీసు ఇవ్వాలా, పని ఆపాలా, కోతకు ఒప్పుకోవాలా, ఒప్పందంలో ఆలస్యం, క్లెయిమ్‌ల షరతులు పరిశీలించాలా? జవాబు చివరిదే. మొదట అన్న మాట కనిపిస్తే పరిశీలన, విశ్లేషణ తర్వాతే చర్య. పని ఆపడం అన్నది దాదాపు ఎప్పుడూ తప్పు జవాబే. వివాదం నడుస్తున్నా పని సాగాలన్నది ప్రామాణిక ఒప్పందాల పద్ధతి. ఒప్పుకోవడం కూడా తప్పే, అది మీ సంస్థ హక్కును మీ అంతట మీరు వదులుకోవడం. ప్రాజెక్ట్ మేనేజర్‌కు ఒప్పందాన్ని మార్చే అధికారం సాధారణంగా ఉండదన్న సంగతి కూడా గుర్తుంచుకోవాలి. ఆ అధికారం కాంట్రాక్ట్ విభాగానిది.

పరిశీలించాక, ఇష్టమైన మార్గం ఏది? పీఎంఐ పుస్తకాలు ఏళ్లుగా చెప్పే మాట ఒకటే, క్లెయిమ్‌లను చర్చల ద్వారా తేల్చుకోవడమే అన్నిటికంటే మేలు. అది కుదరకపోతే ఒప్పందంలో రాసుకున్న ప్రత్యామ్నాయ వివాద పరిష్కారం, అంటే మధ్యవర్తిత్వమో ఆర్బిట్రేషనో. కోర్టు చిట్టచివరిది. మీడియేషన్‌లో మధ్యవర్తి దారి చూపుతాడు, తీర్పు చెప్పడు. ఇద్దరూ ఒప్పుకుంటేనే పరిష్కారం. ఆర్బిట్రేషన్‌లో ఆర్బిట్రేటర్ అవార్డు ఇస్తాడు, అది కట్టుబాటు. ఈ రెంటినీ తారుమారు చేసి ఇచ్చే ప్రశ్నలు సర్వసాధారణం.

ఫిడిక్ 1999 ప్రకారం మన కోటిన్నర తగాదా ఎలా నడుస్తుందో చూద్దాం. పూర్తి క్లెయిమ్ అందాక ఇంజనీర్ 42 రోజుల్లో స్పందించాలి. ఆ స్పందన నచ్చకపోతే వివాదాన్ని డిస్ప్యూట్ అడ్జుడికేషన్ బోర్డుకు పంపాలి. బోర్డుకు 84 రోజుల గడువు. దాని నిర్ణయం వెంటనే అమలు కావాలి. ఒప్పుకోని పక్షం 28 రోజుల్లో అసంతృప్తి నోటీసు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఆ నిర్ణయమే అంతిమం. నోటీసు ఇచ్చాక, స్నేహపూర్వకంగా తేల్చుకోవడానికి 56 రోజులు. అప్పటికీ తేలకపోతే ఆర్బిట్రేషన్. మెట్ల మధ్యలోంచి దూకి నేరుగా పైకి పోవడం కుదరదు. బోర్డు నిర్ణయం తర్వాత ఏమిటి అని అడిగితే ఆర్బిట్రేషన్ అని గుర్తు పెట్టేవాళ్లు మధ్యలోని 28నూ 56నూ మరచిపోతారు.

మన దగ్గర ఆర్బిట్రేషన్‌కు 1996 చట్టం ఆధారం. 2015 సవరణ ఒక పెద్ద మార్పు తెచ్చింది. అంతకుముందు ప్రభుత్వ ఒప్పందాల్లో ఆ శాఖ ఇంజనీరే ఆర్బిట్రేటర్‌గా కూర్చునేవాడు. కాంట్రాక్టర్‌కు అది ఎదుటి పక్షం మనిషి ముందే తన గోడు చెప్పుకోవడం. ఇప్పుడు ఒక పక్షం ఉద్యోగి ఆర్బిట్రేటర్ కావడానికి వీల్లేదు. 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, ప్రభుత్వ రంగ సంస్థ తన ఇష్టప్రకారం ఏకపక్షంగా ఒకే ఆర్బిట్రేటర్‌ను నియమించే షరతు సమానత్వానికి విరుద్ధమని తేల్చింది. ఇది ఎప్పుడో రావాల్సిన తీర్పు. దేశీయ ఆర్బిట్రేషన్‌లో పక్షాలు తమ వాదనల పత్రాలన్నీ దాఖలు చేయడం ముగిశాక 12 నెలల్లో అవార్డు రావాలి, ఇద్దరూ ఒప్పుకుంటే మరో ఆరు నెలలు. అవార్డు మీద 34వ సెక్షన్ కింద కోర్టుకు వెళ్లొచ్చు గానీ, కోర్టు కేసును మొదట్నుంచీ మళ్లీ విచారించదు. సెక్షన్‌లో చెప్పిన కొన్ని కారణాలకే పరిమితమవుతుంది.

అయితే ప్రభుత్వం వైపు నుంచి గాలి మళ్లీ మారుతోంది. 2024 జూన్‌లో కేంద్ర ఆర్థిక శాఖ ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం, ప్రభుత్వ కొనుగోళ్లు, పనుల ఒప్పందాల్లో ఆర్బిట్రేషన్ షరతును మామూలుగా పెట్టేయకూడదు, పెడితే 10 కోట్ల రూపాయల కంటే తక్కువ విలువైన వివాదాలకే పరిమితం చేయాలి. మన కోటిన్నర ఆ హద్దులోనే ఉంది. పెద్ద వివాదాలకు మీడియేషన్ వైపు మొగ్గమన్నది ఆ పత్రం సారాంశం. దానికి 2023 మీడియేషన్ చట్టం ఆసరా ఉంది. తెలుగు నేల మీదా దీనికి ఒక వేదిక ఏర్పడింది. 2021 డిసెంబరులో అప్పటి ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ హైదరాబాద్‌లో అంతర్జాతీయ ఆర్బిట్రేషన్, మీడియేషన్ కేంద్రాన్ని ప్రారంభించారు.

ఇంత జరిగాక కూడా కాంట్రాక్టర్ చేతిలో ఒక కాగితం పెట్టి సంతకం పెట్టమంటారు. తుది బిల్లు సొమ్ము అందింది, ఇక నాకు ఎలాంటి క్లెయిమ్‌లూ లేవు అన్న నో క్లెయిమ్ సర్టిఫికెట్. సంతకం పెడితేనే మిగతా సొమ్ము, డిపాజిట్ విడుదల చేస్తారు. అప్పుల మీద నడిచే చిన్న కాంట్రాక్టర్ పెట్టకుండా ఎలా ఉంటాడు? 2008లో బోఘరా పాలీఫ్యాబ్ కేసులో సుప్రీంకోర్టు, మోసంతోనో బలవంతం మీదో తీసుకున్న అలాంటి సంతకం వివాదాన్ని చంపేయదని చెప్పింది. కానీ బలవంతం జరిగిందని చూపించాల్సింది సంతకం పెట్టినవాడే. అందుకని సంతకం పెట్టక తప్పనప్పుడు, అదే రోజు, లేదా మర్నాడే, అభ్యంతరంతో తీసుకుంటున్నానని ఒక లేఖ నమోదు చేయించడం అనుభవజ్ఞులు పాటించే పద్ధతి.

పరీక్షలో ఇది ఒప్పందం ముగింపు కింద వస్తుంది. పని పూర్తయింది, భవనం స్వాధీనం చేశారు, కానీ కోటిన్నర క్లెయిమ్ ఇంకా తేలలేదు. ఒప్పందాన్ని ముగించినట్టు ప్రకటించవచ్చా అని అడుగుతారు. పరిష్కారం కాని క్లెయిమ్‌లు ఉన్నంతవరకు ఒప్పందం ముగిసినట్టు కాదు, వాటి రికార్డు మొత్తం భద్రపరచాలి అన్నదే గుర్తు పెట్టాల్సిన జవాబు. అవి ముగింపు తర్వాత కోర్టుకో ఆర్బిట్రేషన్‌కో వెళ్తే అప్పుడు పనికొచ్చేది ఆ రికార్డే, అందులో మొదటి కాగితం కాంట్రాక్టర్ 12వ రోజున రాసిన నోటీసు.